డబ్బా ఘనపరిమాణానికి మూడు కొలతలూ ఎందుకు గుణిస్తాం? సెం.మీ నెత్తిన ఆ 3 ఏంటి?

#1 గోదారిగట్టు
మా అమ్మాయి ఆరో తరగతి. హోంవర్కులో ఒక డబ్బా ఇచ్చారు: పొడవు 4 సెం.మీ, వెడల్పు 3 సెం.మీ, ఎత్తు 2 సెం.మీ. 4 × 3 × 2 = 24 సెం.మీ³ అని టకీమని రాసేసింది. రాసేశాక రెండు ప్రశ్నలు వేసింది.

ఒకటి: మూడు కొలతలు తీసుకున్నాం కదా, కూడితే ఏం పోయింది, గుణించడం ఎందుకు? రెండు: స్కేలు పెట్టి కొలిచినవన్నీ మామూలు సెంటీమీటర్లే. జవాబులోకి వచ్చేసరికి నెత్తిన 3 ఎక్కడిది?

సూత్రం వద్దండి, అది పుస్తకంలో ఉంది. పిల్లకి ఎదురుగా పెట్టి చూపించేలా ఎవరైనా చెప్పండి.

#2 కృష్ణలంక_కుర్రాడు
సింపుల్ అండి. a × a × a ని a³ అని రాస్తాం కదా. అలాగే సెం.మీ × సెం.మీ × సెం.మీ = సెం.మీ³. మూడుసార్లు వచ్చింది కాబట్టి 3. దీనికి ఇంకేం వివరణ అక్కర్లేదు.

#3 లెక్కల_లత
రాసే పద్ధతి అదే, తప్పు లేదు. కానీ పాప అడిగింది ఎలా రాస్తారని కాదు కదా బాబూ. సెంటీమీటరును సెంటీమీటరుతో గుణించడమంటే ఏం చేసినట్టు? 4 సెం.మీ దారం ఒకటి, 3 సెం.మీ దారం ఒకటి చేతికిచ్చి ఈ రెండూ గుణించు అంటే ఎవరైనా ఏం చేస్తారు? మనం గుణించేది దారాలను కాదు, లెక్కపెట్టిన అంకెలను. ఏం లెక్కపెడుతున్నామో చూపిస్తే రెండు ప్రశ్నలూ ఒకేసారి తీరిపోతాయి.

గోదారిగట్టు గారూ, ఇలా చేయండి. 1 సెం.మీ గళ్లున్న గ్రాఫు కాగితం మీద 8 సెం.మీ × 7 సెం.మీ ముక్క కత్తిరించండి. నాలుగు మూలల్లోనూ 2 సెం.మీ × 2 సెం.మీ చదరాలు తీసేయండి. మిగిలిన నాలుగు రెక్కలనూ పైకి మడిచి అంచులకు టేపు వేస్తే మీ లెక్కలోని డబ్బాయే వస్తుంది. అడుగు 4 × 3, గోడల ఎత్తు 2. అడుగున గళ్లు కూడా కనిపిస్తుంటాయి.

ఇప్పుడు అన్ని వైపులా 1 సెం.మీ ఉండే చిన్న ఘనాలు కావాలి. స్కూల్లో లెక్కల కిట్టు ఉంటే అందులో దొరుకుతాయి. లేకపోతే క్లేను 1 సెం.మీ మందాన ఒత్తి, గళ్లు గీసి కోయండి. లూడో పాచికలతో చేయొద్దు. చాలావరకు 1 సెం.మీ కంటే పెద్దవి ఉంటాయి, డబ్బాలో ఇమడక లెక్క చెడుతుంది.

గోడ పక్కన పొడవు వెంట ఘనాలు పేర్చమనండి. 4 పడతాయి. అది ఒక వరస. వెడల్పు 3 సెం.మీ కాబట్టి అలాంటి వరసలు 3. అడుగంతా నిండేసరికి 12 ఘనాలు. కానీ వాటి ఎత్తు 1 సెం.మీ మాత్రమే, డబ్బా సగమే నిండింది. మీద ఇంకో పొర వేయాలి, అందులోనూ 12. మొత్తం 24.

అంటే 4 అనేది వరసకు ఎన్ని, 3 అనేది పొరకు ఎన్ని వరసలు, 2 అనేది ఎన్ని పొరలు. ఒక్కో పొరలో అన్నే ఉన్నాయి, ఒక్కో వరసలో అన్నే ఉన్నాయి, అందుకే గుణించడం. 4+4+4, మళ్లీ 4+4+4 అని కూడినా 24 వస్తుంది. గుణించడం ఆ కూడికకు అడ్డదారి, అంతే.

ఇక నెత్తిన 3. మనం లెక్కపెట్టినవి ఏమిటి? సెంటీమీటరు గీతలు కాదు, చదరాలూ కాదు, 1 సెం.మీ ఘనాలు. 24 సెం.మీ³ అంటే అలాంటి ఘనాలు 24 అని. స్కేలు చేసిన పని వరసలో ఎన్ని పడతాయో, ఎన్ని వరసలు పడతాయో, ఎన్ని పొరలు పడతాయో ముందుగా చెప్పడం వరకే.

#4 గోదారిగట్టు
మేడమ్, బాగుంది. గ్రాఫు కాగితం డబ్బా రెడీ. కానీ "కూడితే ఏం పోయింది" అన్నది ఇంకా వదల్లేదు. 4 + 3 + 2 = 9 కూడా ఏదో ఒకటి చెబుతుంది కదా అంటోంది.

#5 లెక్కల_లత
మంచి పట్టు. ఆ 9 దేన్ని లెక్కపెడుతోందో తననే వెతకమనండి. ఒక మూల దగ్గర మొదలుపెట్టి మూడు అంచుల వెంట ఘనాలు పెడితే 9 రావాలి అనిపిస్తుంది. నిజానికి 7 వస్తాయి. మూలలో ఉన్న ఒక్క ఘనమే మూడు అంచుల్లోనూ ఉంది, కూడినప్పుడు దాన్ని మూడుసార్లు లెక్కేశాం. సరే, 7 అనుకున్నా అది మూడు అంచుల లెక్కే. మధ్యలో ఉన్న ఘనాలు ఎవరికీ చెందకుండా పోయాయి.

ఇంకో పరీక్ష. అచ్చం ఇలాంటి డబ్బానే దీని మీద ఇంకోటి పెట్టండి. లోపల పట్టేది రెట్టింపు కావాలి, అందులో వాదన లేదు. కొత్త ఎత్తు 4. గుణిస్తే 4 × 3 × 4 = 48, రెట్టింపు. కూడితే 4 + 3 + 4 = 11. తొమ్మిది పదకొండైంది. రెండు డబ్బాలు పెట్టినా రెట్టింపు కాని అంకె, ఎంత పడుతుందో చెప్పే అంకె ఎలా అవుతుంది?

#6 నల్లకుంట_నాగు
నమస్తే అన్నలూ. ఘనపరిమాణం టాపిక్ కనిపించింది కాబట్టి అడుగుతున్నా. మా ఇంటికి సంపు తవ్విస్తున్నం. 8 అడుగుల పొడవు, 6 వెడల్పు, 5 లోతు. పదివేల లీటర్లు పడతయని మేస్త్రి అంటుండు. నిజమేనా? రింగులు వేస్తే మంచిదా, ఇటుక గోడా?

#7 కృష్ణలంక_కుర్రాడు
8 × 6 × 5 = 240 ఘనపుటడుగులు. అడుగుకు 30.48 సెం.మీ కాబట్టి 240 × 30.48 = 7,315 లీటర్లు. పదివేలు పడవు అన్నా.

#8 ప్లంబ్‌లైన్_పిళ్లా
కుర్రాడు గారు, పదివేలు పడవన్నది నిజం. లెక్క మాత్రం దగ్గర్లోకి రావడం వట్టి కాకతాళీయం. 30.48 అనేది ఒక అడుగు గీతలో ఎన్ని సెంటీమీటర్లో చెప్పే అంకె. ఘనపుటడుగులో ఎన్ని లీటర్లో చెప్పేది కాదు. మొదటి పోస్టులో పాప అడిగిన రెండో ప్రశ్న ఇదే, ఈసారి సిమెంటు వేషంలో వచ్చింది.

ఒక అడుగు ఘనాన్ని తీసుకోండి. దాన్ని 1 సెం.మీ ఘనాలతో నింపాలి. వరసకు 30.48, పొరకు వరసలు 30.48, పొరలు 30.48. కాబట్టి 30.48 × 30.48 × 30.48, అంటే సుమారు 28,317 ఘన సెంటీమీటర్లు. వెయ్యి ఘన సెంటీమీటర్లు ఒక లీటరు కాబట్టి 28.317 లీటర్లు. 30.48కి 28.3కి మధ్య పెద్ద తేడా కనపడదు, అందుకే ఈ పొరపాటు ఎవరికీ పట్టుబడదు. ఇదే పని మీటర్లతో చేసి చూడండి. మీటరుకు 3.28 అడుగులు కదా అని ఒక ఘనపు మీటరుకు 3.28 ఘనపుటడుగులు అనేస్తే కొంప మునుగుతుంది. అసలైనది 35.3.

నాగు గారూ, మీ సంపు. 240 × 28.317 = 6,796 లీటర్లు. అది కూడా 8, 6, 5 అన్నీ లోపలి కొలతలైతే, పైకప్పు దాకా నీళ్లు నిండితే. నిండవు. నీళ్లు వచ్చే పైపు, ఫ్లోటు వాల్వు ఉండే చోట కనీసం అర అడుగు వదలాలి. నీటి ఎత్తు 4.5 అడుగులు అనుకుంటే 8 × 6 × 4.5 = 216, సుమారు 6,116 లీటర్లు.

ఇక్కడ అసలు ప్రశ్న వేరు. మేస్త్రి చెప్పిన 8 × 6 తవ్వే గుంత కొలతా, గోడలు కట్టాక లోపల మిగిలే కొలతా?

#9 నల్లకుంట_నాగు
గుంతదే అన్నా. గోడలు 9 అంగుళాల ఇటుక.

#10 ప్లంబ్‌లైన్_పిళ్లా
అయితే లెక్క మారింది. ఈ వైపు 9 అంగుళాలు, ఆ వైపు 9 అంగుళాలు, మొత్తం అడుగున్నర పోతుంది. పొడవులోనూ పోతుంది, వెడల్పులోనూ పోతుంది. 8 కాస్తా 6.5, 6 కాస్తా 4.5. నీటి ఎత్తు 4.5 వేసుకుంటే 6.5 × 4.5 × 4.5 = 131.6 ఘనపుటడుగులు, సుమారు 3,727 లీటర్లు. లోపల ప్లాస్టరింగు మందం ఇంకా తీయలేదు. 5 అడుగుల లోతులో అడుగున వేసే కాంక్రీటు మందం కలిసి ఉంటే అదీ పోతుంది.

గోడ తొమ్మిదంగుళాలే కదా, పెద్దగా ఏం తగ్గుతుంది అనిపిస్తుంది. కానీ పొర చిన్నదైతే ప్రతి పొరా చిన్నదే. 48 చదరపు అడుగుల అడుగు 29.25కి పడిపోయింది, దాని మీద ఎన్ని పొరలు పేర్చినా ఆ నష్టం అన్నింటిలోనూ ఉంటుంది.

నిజంగా పదివేల లీటర్లే కావాలంటే 353 ఘనపుటడుగుల నీళ్లు. లోపల 10 × 8, నీటి ఎత్తు 4.5 పెడితే 360 వస్తుంది, సరిపోతుంది. రింగులా, ఇటుకా అన్నది మీ నేలను బట్టి, భూగర్భ నీటి మట్టాన్ని బట్టి. దానికి వేరే థ్రెడ్ పెట్టండి, ఇక్కడ పిల్లల లెక్క నడుస్తోంది.

#11 గోదారిగట్టు
పర్లేదండి, మా అమ్మాయి సంపు లెక్క కూడా ఆసక్తిగా చదివింది. వెయ్యి ఘన సెంటీమీటర్లు ఒక లీటరు అన్నారు కదా, మరి మీటరుకు వంద సెంటీమీటర్లు కాబట్టి ఘనపు మీటరుకు వంద ఘన సెంటీమీటర్లు కాదా అంటోంది.

#12 లెక్కల_లత
దాదాపు ప్రతి క్లాసులోనూ ఈ పొరపాటు వస్తుంది. సరిదిద్దకుండా బొమ్మ వేయించండి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న పెట్టె. అడుగున ఒక వరసలో 1 సెం.మీ ఘనాలు వంద. మీ అమ్మాయి చెప్పిన వంద అక్కడే అయిపోయింది, ఇంకా ఒకే ఒక్క వరస. అలాంటి వరసలు వంద ఉంటే అడుగు నిండుతుంది: పదివేలు. అలాంటి పొరలు వంద: పది లక్షలు. ఒక ఘనపు మీటరులో పది లక్షల ఘన సెంటీమీటర్లు.

పది లక్షలు ఊహకు అందకపోతే మధ్యలో లీటరును పెట్టండి. 10 సెం.మీ × 10 సెం.మీ × 10 సెం.మీ పెట్టె ఒక లీటరు. మీటరు పెట్టెలో అలాంటివి వరసకు 10, పొరకు వంద, మొత్తం వెయ్యి. కాబట్టి ఘనపు మీటరుకు వెయ్యి లీటర్లు. ఈ మెట్టు ఎక్కితే తర్వాత పొరపాటు రాదు.

గ్రాఫు కాగితం డబ్బాను కూడా సరిచూడొచ్చు. 24 ఘన సెంటీమీటర్లు అంటే 24 మిల్లీలీటర్లు. కాగితం డబ్బాలో నీళ్లు పోయలేం కాబట్టి సన్న రవ్వ పోసి స్కేలుతో పైన చదును చేయండి. ఆ రవ్వను దగ్గు సిరప్ మూతలోకి వంచి కొలవండి, దాని మీద మిల్లీలీటర్ల గీతలుంటాయి. ఎక్కువ వస్తే కంగారుపడొద్దు, రవ్వ బరువుకు కాగితం గోడలు బయటికి ఉబ్బుతాయి. దళసరి అట్టతో చేస్తే 24కి దగ్గరగా వస్తుంది. రవ్వను తట్టి కుదించకూడదు, రెండు చోట్లా ఒకేలా వదులుగా ఉండాలి.

#13 పోలవరం_పాఠకుడు
ఇంత చర్చలో టీఎంసీ రాకపోవడం ఏంటండీ, పేపర్లో రోజూ చూసే ఘనపరిమాణం అదే కదా. టీఎంసీ అంటే వెయ్యి మిలియన్ ఘనపుటడుగులు, అంటే 100 కోట్లు. 1000 × 1000 × 1000 కూడా 100 కోట్లే. కాబట్టి ఒక టీఎంసీ అంటే వెయ్యి అడుగుల పొడవు, వెయ్యి అడుగుల వెడల్పు, వెయ్యి అడుగుల ఎత్తున్న పెట్టెడు నీళ్లు.

నా డౌటు ఇది. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. మరి జలాశయం వైశాల్యాన్ని 885తో గుణిస్తే నిల్వ రావాలి కదా? నేను గుణిస్తే పేపర్లో వేసే అంకె కంటే ఎక్కడికో పోతోంది.

#14 ప్లంబ్‌లైన్_పిళ్లా
టీఎంసీ బొమ్మ చక్కగా ఉంది. అదే నీళ్లను అడుగు ఎత్తున పరిస్తే ఎంత నేల కావాలో కూడా చూడండి. ఎకరానికి 43,560 చదరపు అడుగులు. 100 కోట్లను దానితో భాగిస్తే సుమారు 22,957. అంటే ఒక టీఎంసీ దాదాపు 23 వేల ఎకరాల మీద అడుగెత్తు నీళ్లు. వెయ్యడుగుల పెట్టెను అడుగు మందం పొరలుగా విడదీసి పక్కపక్కన పరిచామంతే, మొత్తం మారలేదు.

885 దగ్గర మాత్రం రెండు చిక్కులున్నాయి. ఆ 885 సముద్ర మట్టం నుంచి కొలిచిన ఎత్తు, నీటి లోతు కాదు. నది అడుగే సముద్ర మట్టానికి వందల అడుగుల పైన ఉంది. ఇది తీసేసినా ఇంకోటి మిగులుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు గుణించేది నిటారు గోడల పెట్టెకు. అక్కడ ప్రతి పొరా ఒకేలా ఉంటుంది కాబట్టే ఒక పొరను ఎన్ని పొరలో దానితో గుణిస్తాం. జలాశయం లోయ కదా, కింది పొర చిన్నది, పైకొచ్చేకొద్దీ పెద్దది. అక్కడ గుణకారం పనికిరాదు. ప్రతి ఎత్తు దగ్గరా వైశాల్యం సర్వే చేసి, పొరలు విడివిడిగా లెక్కేసి కూడతారు.

అందుకే పై పొరల్లో ఒక్క అడుగు తగ్గితే పోయే నీళ్లు, కింద ఒక్క అడుగు తగ్గితే పోయే వాటికంటే చాలా ఎక్కువ. అడుగున పూడిక చేరితే పట్టిక మొత్తం మళ్లీ వేయాలి. శ్రీశైలం మొదట్లో 308 టీఎంసీల నిల్వకు కట్టింది, ఇప్పుడు 885 అడుగుల దగ్గర 215.81గా లెక్కిస్తున్నారు. మట్టం అదే, పొరలు చిన్నవయ్యాయి.

#15 చీరాల_చిన్నా
పదో తరగతి నేను. లత మేడమ్‌కి ఒక డౌట్. ఘనాలు పేర్చడం 4, 3, 2కి ఓకే. 4.5 × 3.5 × 2.5 అయితే ఘనాలు పట్టవు కదా. అప్పుడు గుణించడం ఎందుకు కరెక్టో?

#16 లెక్కల_లత
చిన్న ఘనాలు తీసుకో. అర సెం.మీ ఘనాలైతే వరసకు 9, వరసలు 7, పొరలు 5. మొత్తం 315. ఇప్పుడు అర సెం.మీ ఘనాలు ఎన్ని కలిస్తే ఒక సెం.మీ ఘనం అవుతుంది? రెండు అంటారు చాలామంది. ఎనిమిది. పొడవులో 2, వెడల్పులో 2, ఎత్తులో 2. కాబట్టి 315ని 8తో భాగిస్తే 39.375. నేరుగా 4.5 × 3.5 × 2.5 చేసి చూడు, అదే.

0.5 × 0.5 × 0.5 = 0.125 వస్తే "గుణిస్తే తగ్గిందేంటి" అని పిల్లలు బెదురుతారు. 0.125 అంటే ఎనిమిదో వంతే, అర సెం.మీ ఘనం పెద్ద ఘనంలో ఎనిమిదో వంతు.

#17 చీరాల_చిన్నా
మరి అంచు √2 సెం.మీ అయితే? ఎంత చిన్న ఘనం తీసుకున్నా సరిగ్గా పట్టదు కదా మేడమ్.

#18 లెక్కల_లత
పట్టదు. కొంచెం చిన్న పెట్టె, కొంచెం పెద్ద పెట్టె రెండు తీసుకుని మధ్యలో ఇరికించాలి. అంచు 1.41 అయితే ఘనపరిమాణం 2.80 దాకా, 1.42 అయితే 2.86 దాకా. అసలుది ఆ రెండింటి మధ్య. దశాంశాలు పెంచేకొద్దీ సందు ఇరుకవుతుంది. అక్కడ మిగిలేది ఒక్కటే సంఖ్య అని ఎలా చెబుతామన్నది మాత్రం ఇంటర్ దాటాక వచ్చే విషయం, ఇక్కడ రెండు ముక్కల్లో తేల్చలేను.

#19 డల్లాస్_దివాకర్
మేడమ్ చెప్పిన ఘనాల పద్ధతి ఆరో తరగతికి సరే, నాకైతే అక్కడే ఆగిపోవడం నచ్చదు. "అడుగు వైశాల్యం × ఎత్తు" అని నేర్పితే గుండ్రటి డ్రమ్ముకీ పనికొస్తుంది. డ్రమ్ములో ఘనాలు పేర్చి చూపించండి చూద్దాం.

#20 లెక్కల_లత
డ్రమ్ము వచ్చినప్పుడు అది నేర్పుదాం దివాకర్ గారూ. ముందే వైశాల్యం అంటే పిల్లలు 12 చదరపు సెంటీమీటర్లను 2 సెంటీమీటర్లతో గుణిస్తారు, మళ్లీ పాప అడిగిన చోటికే వస్తాం, "చదరాన్ని గీతతో గుణించడం ఏంటి" అని. అడుగు 12 చదరాలు, వాటి మీద కూర్చున్న మొదటి పొర 12 ఘనాలు. అంకె ఒకటే, వస్తువులు వేరు. ఆ తేడా పట్టుబడితే మీ సూత్రం తనే చెబుతుంది.

#21 డల్లాస్_దివాకర్
నాకు ఇంకా మీ దారి చుట్టుతిరుగుడే అనిపిస్తోంది. సరే, ఎవరి క్లాసు వారిది.

#22 కృష్ణలంక_కుర్రాడు
ఇంకోటి. మూడు కొలతలూ ఒకే యూనిట్‌లో లేకపోతే గుణించడం తప్పు, జవాబుకు అర్థమే ఉండదు. 30 అడుగుల × 20 అడుగుల స్లాబు, మందం 5 అంగుళాలు. 30 × 20 × 5 = 3,000. ఇది ఏమీ కాదు, వట్టి అంకె.

#23 ప్లంబ్‌లైన్_పిళ్లా
3,000 ఘనపుటడుగులు అనుకుంటే తప్పే. అర్థమే లేదనడం మాత్రం ఒప్పుకోను. లత గారి పద్ధతిలోనే చూడండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న పలకలు అనుకోండి. స్లాబు మీద ఒక పొరకు 600 పలకలు, 5 పొరలు, మొత్తం 3,000 పలకలు. లెక్క కరెక్టు, లెక్కపెట్టిన వస్తువు వేరు. అలాంటివి 12 ఒకదాని మీద ఒకటి పెడితే ఒక ఘనపుటడుగు. 3,000ని 12తో భాగిస్తే 250 ఘనపుటడుగులు. రెడీమిక్స్ అయితే ఘనపు మీటర్లలో చెప్పాలి, 250ని 35.3తో భాగిస్తే 7.08.

సైట్లలో చాలామంది చేసేది ఇదే, మందం అంగుళాల్లోనే గుణించి చివర్లో 12తో భాగించడం. ఆ భాగారం మర్చిపోతే పన్నెండు రెట్లు కాంక్రీటు ఆర్డరు వెళ్తుంది. ఇంత పెద్ద తప్పు ఎవరికైనా కనపడుతుంది. కనపడనివి చిన్న తప్పులు.

#24 నల్లకుంట_నాగు
పిళ్లా అన్నా, గోడలు అయినయి, ప్లాస్టరింగ్ కూడా అయింది. లోపల టేపు పెట్టి కొలిచిన. పొడవు 6 అడుగుల 4 అంగుళాలు, వెడల్పు 4 అడుగుల 4, పైపు దాకా నీటి ఎత్తు 4 అడుగుల 6. ఫోన్ల 6.4 × 4.4 × 4.6 కొడితే 129.5 వచ్చింది, ఇంటు 28.317 చేస్తే 3,668 లీటర్లు. సరేనా?

#25 ప్లంబ్‌లైన్_పిళ్లా
చిన్న తప్పులంటే ఇలాంటివే నాగు గారూ. అడుగుకు 12 అంగుళాలు, 10 కాదు. 6 అడుగుల 4 అంగుళాలు 6.4 కాదు, 6.33. 4 అడుగుల 6 అంగుళాలు 4.6 కాదు, 4.5. కాలిక్యులేటర్ తప్పు చెప్పదు, జవాబు కూడా నమ్మేలాగే ఉంటుంది.

మూడింటినీ అంగుళాలు చేసేయండి, దశాంశాల గోల ఉండదు. 6 × 12 + 4 = 76. 4 × 12 + 4 = 52. 4 × 12 + 6 = 54. 76 × 52 × 54 = 2,13,408 ఘనపుటంగుళాలు. అడుగు ఘనంలో అంగుళం ఘనాలు 12 × 12 × 12 = 1,728. భాగిస్తే సరిగ్గా 123.5 ఘనపుటడుగులు. 28.317తో గుణిస్తే 3,497 లీటర్లు. మీ అంకెకూ దీనికీ తేడా 170 లీటర్ల పైనే.

మోటారు ఫుట్‌వాల్వు అడుగుకు ఎంత ఎత్తులో పెడుతున్నారు? దాని కింద ఉండే నీళ్లు పైకి రావు. అర అడుగు అనుకుంటే 76 × 52 × 6 కూడా తీసేయాలి, అది సుమారు 389 లీటర్లు. సంపు అడుగున వాలు పెట్టి, మూలలో చిన్న గుంత చేసి అందులో దింపితే ఇంత నీరు వృథాగా నిలవదు.

#26 నల్లకుంట_నాగు
గుంత పెట్టలేదన్నా. ఇప్పుడు పెట్టొచ్చా, అడుగు పగలగొట్టాలె గదా?

#27 ప్లంబ్‌లైన్_పిళ్లా
అడుగున కాంక్రీటు ఎంత మందం వేశారో, లోపల కమ్మీ ఉందో లేదో ముందు చెప్పండి. 4 అంగుళాలే ఉంటే పగలగొట్టొద్దు, లీకు మొదలవుతుంది.

#28 గోదారిగట్టు
మేడమ్, అట్ట డబ్బాతో రవ్వ కొలిచాం. 25 దాకా వచ్చింది. ఆ ఒక్కటీ ఎక్కడిదని ఇప్పుడు అట్ట ఉబ్బు కొలుస్తానని స్కేలు పట్టుకు కూర్చుంది. మధ్యలో గోడ మిల్లీమీటరు ఉబ్బితే ఎంత తేడా వస్తుందో లెక్క ఉందా?

#29 లెక్కల_లత
గోడంతా మిల్లీమీటరు జరిగిందనుకుంటే సులువు. పొడుగు గోడ 4 × 2, అది 0.1 సెం.మీ జరిగితే 4 × 2 × 0.1 = 0.8. కురచ గోడ 3 × 2, అది 0.6. అలాంటివి రెండేసి ఉన్నాయి కాబట్టి మొత్తం 2.8, మూలల్లోది వదిలేస్తే. కానీ మధ్యలో ఉబ్బి మూలల దగ్గర కదలలేదు కదా, కాబట్టి అంతకంటే బాగా తక్కువ ఉంటుంది. 1 రావడం వింతేమీ కాదు. సిరప్ మూత మీద గీతలు కూడా మిల్లీలీటరు తేడా పట్టేంత సన్నగా ఉండవు, తనని ఆ మూతనీ అనుమానించమనండి.